ఒకే గోదాము, మూడు లాభాలు

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టింది. ఆ యుద్ధం తెలుగువాళ్ల ఇళ్లకు చేరింది మాత్రం సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ రూపంలో. అప్పట్లో మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. నల్లసముద్రం రేవుల్లో ఓడలు ఆగిపోగానే ఇక్కడ హోల్‌సేల్ మార్కెట్లు వేడెక్కాయి. పొద్దున చెప్పిన రేటుకు సాయంత్రం సరుకు దొరకని రోజులవి. ఇళ్లలో నెలకు సరిపడా ఒకేసారి కొని పెట్టుకున్నారు. వీధి చివర మిర్చి బజ్జీల బండి మీద బజ్జీ సైజు తగ్గింది.

సరిగ్గా అదే సమయంలో మార్చి 31 వచ్చింది. వ్యాపారులు లెక్కలు మూసే రోజు అది. గోదాములో మిగిలిన టిన్నులను ఎవరైనా లెక్కపెట్టగలరు. చిక్కల్లా వాటికి ఏ ధర కట్టాలన్నదే. రేటు కదలకుండా ఉన్న సంవత్సరంలో ఈ ప్రశ్నకు విలువే లేదు, ఎలా కట్టినా ఒకే జవాబు వస్తుంది. నెలనెలా రేటు ఎగబాకిన సంవత్సరంలో మాత్రం ఒకే దుకాణానికి, ఒకే కొనుగోళ్లకు, ఒకే అమ్మకాలకు వేర్వేరు లాభాలు తేలతాయి. అందులో ఏ లాభం మీద పన్ను కట్టాలి, ఎంత ఇంటికి తీసుకెళ్లవచ్చు, బ్యాంకుకు ఏది చూపించాలి అన్నవి ఆ జవాబు మీదే ఆధారపడతాయి.

విజయవాడ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ఒక నూనె దుకాణం ఉందనుకుందాం. దుకాణం ఊహే, అంకెలు కూడా లెక్క తేలిగ్గా నడవడానికి గుండ్రంగా పెట్టుకున్నవే. 2022 జనవరిలో కొత్తగా తెరిచారు కాబట్టి పాత సరుకు లేదు. అమ్మేది ఒకటే, 15 కేజీల సన్‌ఫ్లవర్ నూనె టిన్ను. జనవరిలో షావుకారు 400 టిన్నులు కొన్నాడు, ఒక్కోటి 2,200 రూపాయలు. ఫిబ్రవరిలో 2,400 చొప్పున 300 టిన్నులు, మార్చిలో 2,800 చొప్పున మరో 300. మొత్తం వెయ్యి టిన్నులకు పెట్టిన డబ్బు 24 లక్షల 40 వేలు.

అమ్మకాల్లో ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. ఆ నెల కొన్న రేటు మీద టిన్నుకు 200 వేసుకుని అమ్ముతాడు. (నిజానికి నూనె హోల్‌సేల్‌లో అంత మార్జిన్ కలలో కూడా దొరకదు.) జనవరిలో 2,400కు 300 టిన్నులు, ఫిబ్రవరిలో 2,600కు 250, మార్చిలో 3,000కు 150 పోయాయి. మొత్తం 700 టిన్నులు, 18 లక్షల 20 వేల అమ్మకం. మార్చి 31 రాత్రి గోదాములో 300 టిన్నులు మిగిలాయి. అద్దె, జీతాలు, హమాలీ ఖర్చులు, జీఎస్టీ ఇక్కడ పక్కన పెడదాం.

ఆడిటర్ వచ్చి లాభం ఎంతని అడిగితే షావుకారు కాగితం కూడా తీయడు. "టిన్నుకు రెండొందలు, ఏడొందల టిన్నులు. లక్షా నలభై వేలు. ఇందులో మీరు కొత్తగా కట్టే లెక్కేముందండీ?"

"మీ లెక్క తప్పని అనను షావుకారు గారూ. కాకపోతే ఆ లెక్కతో రిటర్ను వేయడం కుదరదు" అంటాడు ఆడిటర్.

ఎందుకు కుదరదో చూడాలంటే ముందు ఒక సంగతి పట్టుకోవాలి. మూడు నెలల్లో కొన్న సరుకు ఖరీదు 24 లక్షల 40 వేలు. ఆ మొత్తం రెండు వాటాలుగా విడిపోవాలి. ఒక వాటా అమ్ముడైన 700 టిన్నులకు, రెండోది మిగిలిన 300 టిన్నులకు. మొదటి వాటాను అమ్మకంలోంచి తీసేస్తే వచ్చేది లాభం. రెండో వాటా ముగింపు సరుకు విలువగా ఆస్తుల జాబితాలో కూర్చుంటుంది. ఒక వాటా పెరిగితే రెండోది అంత మేరా తగ్గుతుంది. ముగింపు సరుకుకు ఎంత ఎక్కువ విలువ కడితే లాభం అంత ఎక్కువ కనిపిస్తుంది. ఫిఫో, లిఫో, వెయిటెడ్ యావరేజ్ అనేవి ఈ పంపకానికి మూడు పద్ధతులు, అంతే.

ఫిఫో అంటే ముందు వచ్చింది ముందు పోయిందని లెక్కవేయడం. అమ్మిన 700 టిన్నుల్లో జనవరి సరుకు 400, ఫిబ్రవరి సరుకు 300 పోయాయి. వాటి ఖరీదు 16 లక్షలు. 18 లక్షల 20 వేలలోంచి తీస్తే లాభం 2 లక్షల 20 వేలు. గోదాములో ఉన్నవన్నీ మార్చి టిన్నులే, 2,800 చొప్పున 8 లక్షల 40 వేలు.

లిఫో దీనికి తిరగేసిన లెక్క. చివర వచ్చింది ముందు పోయిందంటుంది. సంవత్సరాంతంలో ఒక్కసారిగా ఈ లెక్క వేస్తే అమ్మిన 700లో మార్చి సరుకు 300, ఫిబ్రవరి సరుకు 300, జనవరి సరుకు 100. ఖరీదు 17 లక్షల 80 వేలు. లాభం 40 వేలకు పడిపోతుంది. గోదాములో ఉన్న 300 టిన్నులూ పుస్తకాల్లో జనవరి నాటి 2,200 దగ్గరే నిలిచిపోతాయి, విలువ 6 లక్షల 60 వేలు.

వెయిటెడ్ యావరేజ్ ఎటూ మొగ్గదు. పెట్టిన 24 లక్షల 40 వేలను వెయ్యి టిన్నులతో భాగిస్తుంది, టిన్ను 2,440. గమనించాల్సిందేమంటే ఇది 2,200, 2,400, 2,800 కూడి మూడుతో భాగించిన సగటు కాదు. అలా చేస్తే 2,467 దాకా వస్తుంది. జనవరిలో ఎక్కువ టిన్నులు కొన్నాడు కాబట్టి ఆ నెల రేటుకు ఎక్కువ బరువు ఉండాలి. ఈ పద్ధతిలో అమ్మిన సరుకు ఖరీదు 17 లక్షల 8 వేలు, లాభం 1 లక్షా 12 వేలు, గోదాము విలువ 7 లక్షల 32 వేలు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. నూనెకు గడువు తేదీ ఉంటుంది, ఏ దుకాణంలోనైనా పాత టిన్నే ముందు బయటికి పోతుంది కదా, మరి లిఫో లెక్క అబద్ధం కాదా అని. ఈ పద్ధతులు హమాలీ ఏ వరసలోంచి టిన్ను ఎత్తాడో చెప్పవు. ఏ ఖర్చు ఏ అమ్మకానికి పడాలో మాత్రమే చెబుతాయి. సరుకు ఒక వరసలో కదలవచ్చు, ఖర్చు ఇంకో వరసలో కదలవచ్చు. నిజంగా ఏ వస్తువు పోయిందో దాని ఖరీదే వేయాల్సింది వజ్రాల హారం, ఫ్లాటు లాంటి విడివిడిగా గుర్తుపట్టగల వాటికి. ఒకదానికొకటి తేడా లేని నూనె టిన్నులకు, సిమెంటు బస్తాలకు ఏదో ఒక సూత్రం పెట్టుకోక తప్పదు.

ఇప్పుడు షావుకారు నోటి లెక్క దగ్గరికి వద్దాం. ఆయన చెప్పిన లక్షా నలభై వేలు మూడింట దేనికీ సరిపోలేదు. అయినా అది గాలిలోంచి వచ్చిన అంకె కాదు. ప్రతి నెలా అమ్మిన సరుకుకు ఆ నెల కొన్న ధరే ఆయన మనసులో వేసుకున్నాడు. అంటే తెలియకుండానే లిఫో చేశాడు. కాకపోతే సంవత్సరం చివర కాకుండా, అమ్మిన ప్రతిసారీ అప్పటికి చివరగా వచ్చిన సరుకు ధరతో. అలా చేస్తే మార్చి 31న మిగిలిన 300లో జనవరివి 100, ఫిబ్రవరివి 50, మార్చివి 150 ఉంటాయి. వాటి విలువ 7 లక్షల 60 వేలు, లాభం సరిగ్గా 1 లక్షా 40 వేలు. వ్యాపారం చేసేవాడి బుర్ర సహజంగా ఇలాగే పనిచేస్తుంది. రేపు సరుకు మళ్లీ కొనాల్సిన ధరను చూసి ఇవాళ అమ్ముతాడు. జనవరిలో 2,200కు కొన్నానని మార్చిలో 2,400కు అమ్మితే మళ్లీ కొనడానికి డబ్బు చాలదని ఆయనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

మరి ఫిఫో చూపించిన 2 లక్షల 20 వేలలో మిగతా 80 వేలు ఎక్కడివి? షావుకారు ఆ డబ్బు సంపాదించడానికి చేసిందేమీ లేదు. జనవరి చివర 100 టిన్నులు గోదాములో ఉండిపోయాయి. ఫిబ్రవరిలో రేటు 200 పెరిగింది, అవి కూర్చున్నచోటే 20 వేలు పెరిగాయి. ఫిబ్రవరి చివర 150 టిన్నులు మిగిలాయి. మార్చిలో రేటు 400 పెరిగింది, మరో 60 వేలు. మొత్తం 80 వేలు. అది ధర పెరగడం వల్ల వచ్చిన లాభం, వ్యాపారంలో వచ్చింది కాదు. ఫిఫో ఈ రెంటినీ ఒకే వరసలో కలిపేసి చూపిస్తుంది. ధరలు పెరిగే కాలంలో ఫిఫో లాభం ఉబ్బినట్టు ఉండటానికి కారణం ఇదే.

ఈ ఉబ్బు వల్ల వచ్చే ఇబ్బంది గల్లా పెట్టె దగ్గర తెలుస్తుంది. మార్చి 31న ఆడిటర్ 2 లక్షల 20 వేల లాభం చూపించాడు కదా అని షావుకారు అంత డబ్బూ ఇంటికి వాడుకున్నాడనుకోండి. ఏప్రిల్‌లో అమ్మకానికి ఎప్పటిలాగే సరుకు నింపాలంటే లోటు పడుతుంది. 80 వేలు నోట్ల రూపంలో లేవు, పెరిగిన ధర రూపంలో టిన్నుల్లో ఇరుక్కుపోయాయి. లాభాలు బాగున్న ఏడాదే ఓడీ ఎందుకు పెరిగిందో అర్థంకాక తల పట్టుకునే వ్యాపారులు ధరలు మండిన ప్రతి కాలంలోనూ కనబడతారు. వాళ్ల పుస్తకాల్లో తప్పేమీ ఉండకపోవచ్చు.

పన్ను మాటకొస్తే తేడా ఇంకా పదునుగా ఉంటుంది. ఈ దుకాణం భాగస్వామ్య సంస్థ అయితే ఆదాయపు పన్ను 30 శాతం, సెస్ అదనం. ఫిఫోకూ సంవత్సరాంతపు లిఫోకూ మధ్య లాభంలో తేడా 1 లక్షా 80 వేలు. అంటే పన్నులో 54 వేలు. ఇంత చిన్న దుకాణానికే ఇంత తేడా వస్తే రాగి, ఉక్కు, ముడిచమురు నిల్వ చేసే సంస్థలకు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. లిఫో చుట్టూ దశాబ్దాల పాటు జరిగిన పోరాటమంతా ఇందుకే.

అమెరికాలో 1938 నాటి రెవెన్యూ చట్టం మొదట తోలు శుద్ధి చేసేవారికి, ఇనుము కాని లోహాల తయారీదారులకు పన్ను లెక్కల్లో లిఫో వాడుకోనిచ్చింది. మరుసటి ఏడాది చట్టంతో అది అందరికీ తెరుచుకుంది. అయితే ఒక షరతు పెట్టారు, అది ఇప్పటికీ ఉంది. పన్ను కోసం లిఫో వాడే కంపెనీ తన వాటాదారులకు ఇచ్చే లెక్కల్లో కూడా లిఫోనే వాడాలి. పన్ను అధికారికి తక్కువ లాభం, షేరు మార్కెట్‌కు ఎక్కువ లాభం చూపించే వీలు లేకుండా చేసిన ఏర్పాటు అది. 1974 ప్రాంతంలో చమురు ధరలతోపాటు అన్నీ మండినప్పుడు అక్కడి పెద్ద కంపెనీలు ఎన్నో తక్కువ లాభం చూపించడానికి సిద్ధపడి మరీ లిఫోకు మారాయి. పన్ను మిగిలితే చాలనుకున్నాయి.

కెనడాలో కథ వేరేలా నడిచింది. అనకొండ అమెరికన్ బ్రాస్ అనే కంపెనీ రాగి, తుత్తునాగం కరిగించి ఇత్తడి సరుకు చేసేది. 1947లో ధరల నియంత్రణ ఎత్తేయడంతో రాగి ధర ఎగిసింది. ఆ ఏడాది పన్నుకు కంపెనీ లిఫో లెక్క చూపించింది, పన్ను శాఖ ఒప్పుకోలేదు. కెనడా సుప్రీంకోర్టు కంపెనీ వైపు నిలిచింది. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, 1955లో అక్కడ తీర్పు తిరగబడింది. కంపెనీ తన అవసరాలకు ఆ పద్ధతి వాడుకోవచ్చుగాక, పన్ను వేయాల్సిన లాభానికి అది కొలమానం కాదని చెప్పారు. లిఫో వల్ల పుస్తకాల్లో కనబడని నిధి ఒకటి పోగుపడుతుందన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి.

ఆ దాగిన నిధి ఎంత పెద్దదవుతుందో చూడాలంటే ఎక్సాన్ మొబిల్ వార్షిక నివేదిక తిరగేస్తే చాలు. ఆ కంపెనీ ముడిచమురు, చమురు ఉత్పత్తుల నిల్వలకు లిఫో వాడుతుంది. 2007 చివర ఆ నిల్వలను అప్పటి మార్కెట్ ధరకు మళ్లీ కొనాలంటే పుస్తకాల్లో ఉన్న విలువ కన్నా 25.4 బిలియన్ డాలర్లు ఎక్కువవుతుందని కంపెనీయే నివేదికలో రాసింది. ఏడాది తిరిగేసరికి చమురు కుప్పకూలింది, 2008 చివరి నివేదికలో ఆ తేడా 10 బిలియన్లకు దిగింది. నిల్వ అదే, పుస్తకాల్లో మాత్రం దాని విలువ ఎన్నో ఏళ్ల కిందటి ధరల దగ్గర గడ్డకట్టి ఉంది. అలాంటి కంపెనీ ఎప్పుడైనా కొనుగోళ్లు తగ్గించి పాత నిల్వలోంచి అమ్మితే, ఎప్పటిదో చవక ధర ఇవాళ్టి అమ్మకం పక్కన చేరి లాభం ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. వ్యాపారం మెరుగుపడిందని పొరబడటానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు.

అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఏఎస్ 2 ఈ కారణాలతోనే 2005 జనవరి నుంచి లిఫోను తీసేసింది. మన దేశం అంతకన్నా ముందే ఆ పని చేసింది. అకౌంటింగ్ స్టాండర్డ్ 2ను సవరించి 1999 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు లిఫోకు అందులో చోటు లేదు. ఆదాయపు పన్ను కోసం తెచ్చిన ఐసీడీఎస్ ప్రమాణాలు కూడా 2017-18 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఇలాంటి సరుకుకు ఫిఫో లేదా వెయిటెడ్ యావరేజ్ అనే అంటాయి. టాక్స్ ఆడిట్ అవసరం లేని వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు ఈ ప్రమాణాలు వర్తించవు. అందుకే ఆడిటర్ షావుకారు లెక్కను తప్పు అనలేదు, రిటర్నుకు పనికిరాదన్నాడు.

తమాషా ఏమిటంటే, మన దుకాణాల్లో ఎక్కువగా వాడే టాలీలో లిఫో ఇంకా ఉంది. సరుకు పేరు పెట్టే చోట `Costing Method` అని ఒక గడి వస్తుంది. అందులో `Avg. Cost`, `FIFO`, `LIFO Annual`, `LIFO Perpetual`, `Last Purchase Cost` వంటి ఎంపికలు ఉంటాయి. పైన చూసిన రెండు రకాల లిఫోలూ అక్కడే దర్శనమిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఏది ఎంచుకుంటే అది లెక్కగట్టి ఇస్తుంది, చట్టం ఒప్పుతుందా లేదా అన్నది దాని పని కాదు. సరుకు పేరు ఎక్కించే కుర్రాడు ఏ ఎంపిక మీద వేలు పెట్టాడో ఎవరూ చూడకుండా ఏళ్లు గడిచిపోతుంటాయి.

వీటిలో `Last Purchase Cost` గురించి ఒక మాట. మిగిలిన సరుకంతటికీ చివర కొన్న ధరే వేస్తుంది అది. మన దుకాణంలో మిగిలినవి 300, చివర కొన్నవీ 300, కాబట్టి ఫిఫోకూ దీనికీ తేడా రాదు. అదే మార్చిలో 50 టిన్నులే కొని ఉంటే? మిగతా 250 టిన్నులు అంతకుముందు నెల చవక సరుకే అయినా వాటికీ 2,800 పడుతుంది. ఎన్నడూ ఖర్చుపెట్టని డబ్బు ఆస్తిగా, లాభంగా పుస్తకాల్లోకి ఎక్కుతుంది. దీన్ని ఫిఫో అని పొరబడేవాళ్లు తక్కువేమీ కాదు. పట్టుకోవడం మాత్రం కష్టం కాదు. మిగిలిన సరుకు పరిమాణం దగ్గర మొదలుపెట్టి కొనుగోలు బిల్లులను వెనక్కి తిరగేసుకుంటూ పోవాలి. 300 టిన్నులు నిండేదాకా ఏ బిల్లు నుంచి ఎన్ని, ఏ ధరకు అని కూడితే వచ్చేదే అసలు ఫిఫో విలువ. కంప్యూటర్ అంకె దానికన్నా ఎక్కువుంటే ఎక్కడో గడి తప్పింది.

సగటు పద్ధతి అమాయకంగా కనిపిస్తుంది గానీ దానికీ రెండు ముఖాలున్నాయి. పైన వచ్చిన 2,440 మూడు నెలలూ అయిపోయాక తీసిన సగటు. అందులో జనవరిలో అమ్మిన టిన్ను మీద కూడా మార్చి రేటు నీడ పడింది. అలా కాకుండా సరుకు వచ్చిన ప్రతిసారీ అప్పటికి ఉన్నదానితో కలిపి కొత్త సగటు తీయవచ్చు. జనవరి చివర 2,200 చొప్పున 100 టిన్నులు మిగిలాయి. ఫిబ్రవరి సరుకు 300 కలిశాక 400 టిన్నుల సగటు 2,350. అందులోంచి 250 అమ్మితే 150 మిగిలాయి. మార్చి సరుకు 300 కలిశాక సగటు 2,650. చివర మిగిలిన 300 టిన్నుల విలువ 7 లక్షల 95 వేలు, లాభం 1 లక్షా 75 వేలు. రెండూ వెయిటెడ్ యావరేజ్ పేరుతోనే చెలామణీ అవుతాయి, ప్రమాణాలూ రెంటినీ ఒప్పుకుంటాయి. మధ్యలో 63 వేల తేడా. కాబట్టి ఎవరైనా తమది సగటు పద్ధతి అంటే, సగటు ఎప్పుడెప్పుడు తీస్తారని కూడా అడగాల్సి ఉంటుంది.

ఇంతవరకు ధరలు పెరిగిన కథ. 2022లోనే దాని రెండో సగమూ నడిచింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మే 23న మళ్లీ వదిలింది. ఆ మరునాడే కేంద్రం ముడి సోయా, సన్‌ఫ్లవర్ నూనెలను ఏడాదికి ఒక్కోటి 20 లక్షల టన్నుల దాకా సుంకం లేకుండా తెచ్చుకోనిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వానలు మొదలయ్యేసరికి నూనె ధరలు దిగడం మొదలైంది.

మన షావుకారు దగ్గర మిగిలిన 300 టిన్నులు అప్పుడు 2,500 చొప్పున పోయాయనుకుందాం. వచ్చింది 7 లక్షల 50 వేలు. పోయిన ఏడాది ముగింపు సరుకే ఈ ఏడాది ప్రారంభ సరుకు. ఫిఫోలో దాని విలువ 8 లక్షల 40 వేలు కాబట్టి ఇప్పుడు 90 వేల నష్టం. సంవత్సరాంతపు సగటులో 7 లక్షల 32 వేలు, కాబట్టి 18 వేల లాభం. లిఫోలో 6 లక్షల 60 వేలు, కాబట్టి 90 వేల లాభం. ఒకే టిన్నులు, ఒకే ధరకు అమ్మితే ఒక పుస్తకంలో నష్టం, రెండు పుస్తకాల్లో లాభం.

రెండేళ్లవీ కలిపి చూడండి. ఫిఫోలో 2 లక్షల 20 వేలలోంచి 90 వేలు తీస్తే 1 లక్షా 30 వేలు. సగటులో 1 లక్షా 12 వేలకు 18 వేలు కలిపితే అంతే. లిఫోలో 40 వేలకు 90 వేలు కలిపినా అంతే. సరుకంతా అమ్ముడుపోయాక ఏ పద్ధతీ అదనంగా ఒక్క రూపాయి సృష్టించలేదు, పోగొట్టలేదు. లాభం ఏ ఏడాది పద్దులో పడాలన్నదే అవి మార్చాయి. అదేమంత చిన్న సంగతి కాదు. ఫిఫో దుకాణం 90 వేల రూపాయల మీద పన్ను ముందే కట్టేసి, ఆ నష్టాన్ని తర్వాతి లాభాల్లో సర్దుకోవడానికి ఎదురుచూడాలి. ధరలు ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉండి, గోదాము ఎప్పుడూ ఖాళీ కాకపోతే ఈ సర్దుబాటు రోజు రానే రాదు. అమెరికా కంపెనీలు లిఫోను వదలకపోవడం వెనుక లెక్క ఇదే.

ధర పడిపోవడం మార్చి 31 లోపే జరిగి ఉంటే ఫిఫో లాభానికి ఒక కళ్లెం ఉండేది. సరుకును కొన్న ఖరీదుకు, అమ్మితే చేతికి వచ్చే నికర ధరకు మధ్య ఏది తక్కువైతే దానికే కట్టాలని ప్రమాణం చెబుతుంది. ఆ రోజుకే మార్కెట్ 2,500కు దిగి ఉంటే ఫిఫో టిన్నులను 2,800 దగ్గర ఉంచే వీలుండదు, 2,500కు తగ్గించాలి. అప్పుడు లాభంలో 90 వేలు అక్కడికక్కడే కరిగిపోతాయి. 2,440 దగ్గర ఉన్న సగటు విలువకు ఆ దెబ్బ తగలదు. అసలు కథలో మార్చి చివర అమ్మకం ధర 3,000 ఉంది కాబట్టి ఈ నియమం పనిచేయాల్సిన అవసరమే రాలేదు. కట్టిన విలువ ఆ రోజుకు సరైనదే, మూడు నెలల తర్వాత మాత్రం చేదుగా కనిపించింది.

ఇదంతా తెలిశాక ఏ వ్యాపారికైనా ఒక ఆశ పుట్టడం సహజం. ధరలు పెరిగిన ఏడాది సగటు వాడి పన్ను తగ్గించుకుని, పడిపోయిన ఏడాది ఇంకోటి వాడితే? ఆ దారి మూసే ఉంది. ఒకసారి ఎంచుకున్న పద్ధతిని సరైన కారణం లేకుండా మార్చకూడదని ఐసీడీఎస్ చెబుతుంది. టాక్స్ ఆడిట్ నివేదిక ఫారం 3సీడీలో 14వ అంశం ముగింపు సరుకుకు ఏ పద్ధతిలో విలువ కట్టారనే అడుగుతుంది, కాబట్టి మార్పు ఏ ఏటికి ఆ ఏడు బయటపడుతుంది. అంతకన్నా తరచుగా జరిగే పొరపాటు బ్యాంకు దగ్గర. క్యాష్ క్రెడిట్ ఉన్న వ్యాపారి ప్రతి నెలా బ్యాంకుకు సరుకు స్టేట్‌మెంట్ ఇస్తాడు. సరుకు విలువ ఎక్కువుంటే తీసుకోగల డబ్బు పెరుగుతుంది. అందుకని అక్కడ మార్చి రేటుకు 8 లక్షల 40 వేలు రాసి, రిటర్నులో సగటు చొప్పున 7 లక్షల 32 వేలు చూపిస్తే, ఆ తేడా ఏమిటన్న ప్రశ్న ఆదాయపు పన్ను అధికారి నుంచి వస్తుంది. టిన్నుల సంఖ్య రెండుచోట్లా ఒకటే అయి, తేడా పద్ధతి వల్లనే అని కాగితం మీద చూపించగలిగితే సమాధానం చెప్పుకోవచ్చు. సంఖ్యే వేరైతే వ్యవహారం వేరుగా ఉంటుంది.

షేర్లు కొనేవాళ్లకు కూడా ఇది పనికొచ్చే సంగతే. వార్షిక నివేదికలో అకౌంటింగ్ విధానాలు రాసేచోట సరుకు నిల్వల గురించి రెండు మూడు వాక్యాలు ఉంటాయి. ముడిసరుకు ధర బాగా పెరిగిన త్రైమాసికంలో కంపెనీ మార్జిన్ ఒక్కసారిగా మెరుగుపడితే ముందు ఆ వాక్యాలు చదవాలి. ఫిఫో అయి, నిల్వలు నెలల తరబడి ఉండే వ్యాపారమైతే, ఆ మెరుగుదలలో ఎంతో కొంత గోదాములో కూర్చుని పెరిగిన ధరే అయి ఉంటుంది. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఒకటి ఫిఫో, ఇంకోటి సగటు వాడుతుంటే వాటి మార్జిన్లను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తొందరపాటు. చమురు శుద్ధి కంపెనీల దగ్గర ఈ సంగతి దాపరికం లేకుండానే నడుస్తుంది. ఫలితాల గురించి మాట్లాడేటప్పుడు అవి ఇన్వెంటరీ గెయిన్, ఇన్వెంటరీ లాస్ అని విడిగా చెబుతాయి, విశ్లేషకులు దాన్ని తీసేసి మిగిలిన మార్జిన్‌ను చూస్తారు. గొల్లపూడి షావుకారు టిన్నుకు రెండొందలు అని నోటితో చెప్పిన లెక్క కూడా ఆ 80 వేలను అలాగే పక్కన పెట్టింది.